గేటు చదవలేదా, చదివి వద్దందా?

మెట్రో స్టేషన్‌లో ఫోను చూపించినా గేటు తెరుచుకోకపోతే చాలామంది ఫోన్‌ని ఇంకా గట్టిగా అద్దానికి నొక్కిపెడతారు. అటు తిప్పి ఇటు తిప్పి మళ్లీ పెడతారు. ఈలోపు వెనక వరస పెరుగుతుంది, ఎవరో "పక్క గేటుకి వెళ్లండి" అంటారు. అక్కడా అదే తంతు. చివరికి విసిగిపోయి కౌంటర్‌లో ఇంకో టికెట్ కొనుక్కుంటారు. మొదటి టికెట్ డబ్బులు పోయినట్టే.

అలాంటప్పుడు జరిగేది రెండింట్లో ఒకటి. గేటుకి ఉన్న స్కానర్ మీ ఫోన్‌లోని గళ్ల బొమ్మను చదవలేకపోయి ఉంటుంది. లేదంటే శుభ్రంగా చదివి, ఈ టికెట్ ఇప్పుడు ఇక్కడ చెల్లదని తేల్చి ఉంటుంది. మొదటిదైతే తప్పు తెరది. నాలుగు సెకన్లలో సరిచేసుకోవచ్చు. రెండోదైతే తప్పు టికెట్ లెక్కలో ఉంది. గంటసేపు చూపించినా తలుపు తెరుచుకోదు, కౌంటర్‌కి వెళ్లాల్సిందే. ఈ తేడా పట్టుకోగలిగితే క్యూఆర్ టికెట్‌తో వచ్చే తిప్పలు చాలావరకు తగ్గుతాయి. మనకు బాగా తెలిసిన హైదరాబాద్ మెట్రోనే ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

కొనడం ఎలా

హైదరాబాద్ మెట్రో 2017 నవంబర్ చివరలో మొదలైంది. మొదట్లో ఉన్నవి రెండే. గుండ్రటి టోకెన్, లేదా డబ్బు వేసుకుని వాడే స్మార్ట్ కార్డు. తర్వాత టీ-సవారీ యాప్‌లో క్యూఆర్ టికెట్ వచ్చింది. 2022 అక్టోబర్‌లో వాట్సాప్‌లోనే కొనే ఏర్పాటు వచ్చింది. ఇప్పుడు డబ్బులు పంపుకునే కొన్ని యాప్‌లలో కూడా మెట్రో టికెట్ దొరుకుతోంది. ఎక్కడ కొన్నా చివరికి చేతికొచ్చేది ఒక నలుపు తెలుపు గళ్ల చతురస్రమే.

వాట్సాప్ పద్ధతి వివరంగా చెప్పుకుంటే మిగతావీ అర్థమవుతాయి. సేవ మొదలుపెట్టినప్పుడు ప్రకటించిన నంబర్ 8341146468. దానికి Hi అని పంపితే, లేదా స్టేషన్‌లో అతికించిన పోస్టర్ మీది కోడ్ స్కాన్ చేస్తే, టికెట్ కొనే లింకు వస్తుంది. లింకు తెరిచి ఎక్కే స్టేషన్, దిగే స్టేషన్, ఎంతమంది, వెళ్లడానికి మాత్రమేనా లేక రానుపోనా అన్నవి ఎంచుకోవాలి. యూపీఐతోనో కార్డుతోనో డబ్బు కట్టాలి. కట్టాక టికెట్ లింకు మళ్లీ వాట్సాప్‌కే వస్తుంది. అది నొక్కితే క్యూఆర్ కనిపిస్తుంది.

ఇక్కడ జనం తికమకపడేది ఒకచోట ఉంది. మొదట వచ్చిన లింకు కొనడానికి, రెండోసారి వచ్చిన లింకు చూపించడానికి. గేటు ముందు కంగారులో మొదటి లింకు నొక్కితే గడువు తీరిందనే మాట కనిపిస్తుంది. టికెట్టే పోయిందనుకుని చాలామంది హడలిపోతారు. టికెట్‌కి ఏమీ కాదు. చాట్‌లో కొంచెం కిందికి జరిపితే డబ్బు కట్టాక వచ్చిన మెసేజ్ ఉంటుంది. ఇంట్లోంచి బయల్దేరేముందే దాన్ని తెరిచి, కోడ్‌ని ఫోన్‌లో దాచుకుంటే ఆ వెతుకులాటే ఉండదు.

ఒక టికెట్‌కి మూడు గడువులు

"కొని గంట కాలేదు, ఎక్స్‌పైర్ అయిందంటోంది" అనే ఫిర్యాదు తరచుగా వింటాం. దీనికి కారణం, ఒకే టికెట్ చుట్టూ మూడు వేర్వేరు గడువులు నడుస్తుండటం. ఏది తీరిపోయిందో తెలియకపోతే ఏం చెయ్యాలో తెలియదు.

మొదటిది కొనే లింకు గడువు. వాట్సాప్ సేవ మొదలైనప్పుడు ఇది 5 నిమిషాలని చెప్పారు. లింకు వచ్చాక స్టేషన్ పేరు వెతుక్కుంటూ, మధ్యలో ఫోన్ కాల్ మాట్లాడుతూ కూర్చుంటే అది చెల్లకుండా పోతుంది. పోతే నష్టమేం లేదు. డబ్బు కట్టలేదు కాబట్టి మళ్లీ Hi అని పంపితే కొత్త లింకు వస్తుంది. డబ్బు కట్టే తెర దాకా వెళ్లాక ఆలస్యమైతే మాత్రం కొంచెం జాగ్రత్త పడాలి. ఆ సంగతి తర్వాత చెప్పుకుందాం.

రెండోది గేటు లోపలికి వెళ్లే గడువు. మామూలుగా క్యూఆర్ టికెట్ కొన్న రోజుకే చెల్లుతుంది. ఇక్కడ రోజు అంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు కాదు. మెట్రో లెక్కలో ఉదయం మొదటి రైలు నుంచి రాత్రి ఆఖరి రైలు వరకు ఒక రోజు. ఆఖరి రైలు వెళ్లిపోయి గేట్లు మూశాక ఆ రోజు ఖాతా ముగుస్తుంది, వాడని టికెట్లూ అక్కడితో ముగుస్తాయి. రేపు పొద్దున్నే పని ఉందని, తీరిగ్గా ఉన్నాం కదా అని రాత్రి తొమ్మిదింటికి కొనిపెట్టుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. వాళ్లు రేపటి కోసమనుకుని కొన్నది ఈరోజు టికెట్.

రానుపోను టికెట్‌కీ ఇదే సూత్రం. పొద్దున ఉప్పల్‌లో ఎక్కి హైటెక్ సిటీలో దిగిన ఉద్యోగి సాయంత్రం తిరిగి రావాల్సింది కూడా అదే రోజు. ఆఫీసులో పని ఆలస్యమై క్యాబ్‌లో ఇంటికి పోతే, తిరుగు ప్రయాణం భాగం మర్నాటికి మిగలదు. సాయంత్రం ఏ దారిన వస్తామో ఖాయంగా తెలియనివాళ్లు వెళ్లేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి విడివిడిగా కొనుక్కోవడమే మేలు.

మూడోది గేటు దాటాక మొదలయ్యే గడువు. లోపలికి వెళ్లిన క్షణం నుంచి బయటికి రావడానికి ఇంతసేపు అని మెట్రో సంస్థలు ఒక పరిమితి పెడతాయి. మామూలు ప్రయాణికుడికి ఇది అడ్డురాదు. హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లినా గంటలోపే అయిపోతుంది. ప్లాట్‌ఫాం మీద స్నేహితుల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్లకి, అమీర్‌పేటలో లైను మారేచోట లోపలే కాలక్షేపం చేసినవాళ్లకి ఇది అడ్డుపడుతుంది. అప్పుడు దిగే స్టేషన్ గేటు తెరుచుకోదు, కౌంటర్‌లో అదనపు సొమ్ము అడుగుతారు. ఎక్కిన స్టేషన్‌లోనే తిరిగి బయటికి రావాలన్నా ఇలాంటి నియమాలే ఉంటాయి.

ఈ పరిమితులు ఊరిని బట్టి మారతాయి. కొన్నిచోట్ల కొన్న యాప్‌ని బట్టి, కాగితం టికెట్టా ఫోన్ టికెట్టా అన్నదాన్ని బట్టి కూడా మారతాయి. బెంగళూరు, చెన్నై మెట్రోలు కూడా వాట్సాప్‌లో టికెట్లు అమ్ముతున్నాయి. మనవాళ్లు అక్కడికి వెళ్లినప్పుడు హైదరాబాద్ అలవాటుతో పోకూడదు. ఫోన్‌లో వచ్చిన టికెట్ మీద కోడ్‌కి పైనో కిందో ఎప్పటివరకు చెల్లుతుందన్న తేదీ, సమయం ఉంటాయి. డబ్బు కట్టగానే ముందుగా చూడాల్సింది ఆ ఒక్క వరస.

గేటు ఏం చూస్తుంది

క్యూఆర్ కోడ్‌ని 1994లో జపాన్‌లో డెన్సో అనే సంస్థలో మసహిరో హరా బృందం తయారుచేసింది. కార్ల విడిభాగాల లెక్క త్వరగా తేలాలని పుట్టిన ఈ గళ్ల బొమ్మే ఇప్పుడు కిళ్లీకొట్టు నుంచి మెట్రో గేటు దాకా పాకింది. టికెట్ కోడ్‌లో డబ్బు ఉండదు. అందులో ఉండేది ఒక అక్షరాల వరస. టికెట్ నంబర్, ఎక్కే దిగే స్టేషన్లు, చెల్లే కాలం లాంటి వివరాలు, వాటిని ఎవరూ దొంగగా తయారుచేయకుండా సంస్థ వేసిన డిజిటల్ ముద్ర. ఇలాంటి వాటిని సంకేతాల రూపంలో దాస్తారు.

గేటు స్కానర్ ఆ వరసను చదివి మూడు విషయాలు సరిచూసుకుంటుంది. ముద్ర అసలైనదేనా? ఈ స్టేషన్‌కి, ఈ సమయానికి సరిపోతుందా? ఈ టికెట్ ఇప్పుడు ఏ స్థితిలో ఉంది? ఈ మూడో ప్రశ్నే కీలకం. ప్రతి టికెట్‌కీ మెట్రో కంప్యూటర్‌లో ఒక స్థితి నమోదై ఉంటుంది. కొన్నాక "ఇంకా వాడలేదు". ఎక్కే గేటు దాటాక "లోపలికి వెళ్లారు". దిగే గేటు దాటాక "అయిపోయింది". సినిమా హాల్లో గేటు మనిషి టికెట్ సగం చించి ఇచ్చినట్టు, ఎక్కేచోటి గేటు లెక్కలో సగం చించేస్తుంది. మీ ఫోన్‌లోని బొమ్మ మాత్రం అలాగే ఉంటుంది, ఏ మార్పూ కనిపించదు. అందుకే టికెట్ ఫోన్‌లో చెక్కుచెదరకుండా ఉండగానే గేటు వద్దంటుంది.

దీన్నిబట్టి ఇంకో సంగతి తేలుతుంది. దిగేటప్పుడు కూడా అదే కోడ్ చూపించాలి. టోకెన్‌ని గేటులో వేసేసి బయటపడే అలవాటున్నవాళ్లు, లోపలికి రాగానే పని అయిపోయిందనుకుని ఆ మెసేజ్ చెరిపేస్తుంటారు. ఫోన్‌లో ఐదు శాతం చార్జింగ్‌తో రైలెక్కేవాళ్లూ ఉంటారు. దిగేలోపు ఫోన్ ఆగిపోతే లోపలికి వచ్చిన రుజువు చేతిలో ఉండదు. టికెట్ నంబర్‌ని, లేదా కోడ్ ఫోటోని తోటి ప్రయాణికుడికి ముందే పంపి ఉంచితే అలాంటప్పుడు అక్కరకొస్తుంది.

చదవలేకపోతే

స్కానర్ కోడ్‌ని చదవలేకపోతే గేటు అసలు స్పందించదు. శబ్దం రాదు, తెర మీద మాట మారదు. ఫోన్ అక్కడ లేనట్టే ఉంటుంది. ఇలా మౌనంగా ఉందంటే టికెట్‌లో లోపం వెతకక్కర్లేదు, తెరను చూసుకోవాలి.

అన్నిటికన్నా మామూలు కారణం వెలుతురు. చార్జింగ్ ఆదా అవుతుందని తెర వెలుగు తగ్గించి వాడేవాళ్లు ఎక్కువ. ఫోన్ తనంతట తాను కూడా కాసేపటికి తెరను మసకబారుస్తుంది. నలుపుకీ తెలుపుకీ మధ్య తేడా తెలిస్తేనే స్కానర్ చదవగలదు. మసక తెరలో ఆ తేడా తగ్గిపోతుంది. గేటుకి పది అడుగుల ముందే వెలుగు పూర్తిగా పెంచుకోవాలి. హైదరాబాద్ స్టేషన్లన్నీ వంతెనల మీదే ఉన్నాయి కాబట్టి కొన్ని గేట్ల దగ్గర పగటి వెలుతురు ఏటవాలుగా తెర మీద పడి మెరుస్తుంది. అలాంటప్పుడు అరచేతిని కొంచెం గొడుగులా పట్టడమో, ఒంటిని అడ్డుపెట్టడమో చేస్తే సరిపోతుంది.

రెండో కారణం దూరం. గేటు స్కానర్ నిజానికి ఒక చిన్న కెమెరా. అద్దానికి ఆనించి పెడితే బొమ్మ మొత్తం దాని చూపులో పట్టదు, మసకగా కూడా కనిపిస్తుంది. కార్డుని ఆనించే అలవాటు ఉన్నవాళ్లు ఫోన్‌ని కూడా అలాగే ఆనిస్తారు. కార్డు పనిచేసేది రేడియో తరంగాలతో, అందుకని ఆనించాలి. క్యూఆర్ పనిచేసేది చూపుతో, కాబట్టి కాస్త ఎడం కావాలి. నాలుగైదు వేళ్ల ఎడంలో, తెర అద్దానికి ఎదురుగా సమంగా ఉండేలా పట్టుకుని ఒక్క క్షణం కదలకుండా ఉంచాలి. అప్పటికీ చదవకపోతే ఫోన్‌ని మెల్లగా వెనక్కి జరపాలి. ముందుకు నొక్కకూడదు. కార్డు పెట్టే చోటు, క్యూఆర్ చూపించే అద్దం ఒకే గేటు మీద వేర్వేరుగా ఉంటాయన్నది కూడా మరవొద్దు.

మూడోది కోడ్ చుట్టూ ఉండాల్సిన తెల్లటి ఖాళీ. క్యూఆర్‌లో మూడు మూలల్లో మూడు పెద్ద చతురస్రాలుంటాయి. స్కానర్ ముందుగా వాటిని వెతికి, వాటిని బట్టి బొమ్మ ఎటు తిరిగి ఉందో, ఎంత పెద్దదో లెక్క కడుతుంది. కోడ్ చుట్టూ కనీసం నాలుగు గళ్ల వెడల్పున తెల్లటి అంచు ఉండాలన్నది ప్రమాణం. స్క్రీన్‌షాట్ తీసి, అందంగా ఉండాలని అంచుల దాకా కత్తిరిస్తే ఆ ఖాళీ పోతుంది. డార్క్ మోడ్‌లో కోడ్ చుట్టూ నల్లటి నేపథ్యం వచ్చినా ఇదే బాధ. చతురస్రం ఎక్కడ మొదలైందో స్కానర్‌కి తెలియదు. కోడ్‌ని మరీ పెద్దదిగా సాగదీసినా ఒక మూల తెర బయటికి పోతుంది. మొత్తం కోడ్, చుట్టూ కొంచెం తెలుపు, రెండూ కనిపించేలా ఉంటే అదే సరైన కొలత.

నాలుగోది పగిలిన తెర, దాని మీది గార్డు. క్యూఆర్‌కి ఒక మంచి గుణం ఉంది. తయారుచేసినప్పుడు ఎంచుకున్న స్థాయిని బట్టి బొమ్మలో సుమారు 7 నుంచి 30 శాతం వరకు చెడిపోయినా మిగతాదాని నుంచి సమాచారాన్ని తిరిగి రాబట్టుకోగలదు. అందుకే గళ్ల మధ్యలోంచి ఒక గీత పోయినా చాలాసార్లు పనిచేస్తుంది. పగులు సరిగ్గా మూల చతురస్రం మీద ఉంటే మాత్రం స్కానర్ మొదటి అడుగులోనే ఆగిపోతుంది. అప్పుడు టికెట్‌ని కొంచెం పైకో కిందికో జరిపి, పగులు లేనిచోట కోడ్ కనిపించేలా చేయాలి. పక్కవాళ్లు చూడకుండా వేయించుకునే ప్రైవసీ గార్డులు ఏటవాలు చూపును నల్లగా చేసేస్తాయి. అవి ఉన్నవాళ్లు ఫోన్‌ని తిన్నగా ఎదురుగా పట్టుకోవాలి.

ఒకరు కొని ఇంకొకరికి పంపే టికెట్లతో మరో చిక్కు. ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి పంపుతుంది. అది ఇంకొకరికి, అక్కడినుంచి మరొకరికి వెళ్లేసరికి గళ్ల అంచులు మసకబారవచ్చు. ఫోటోకి బదులు టికెట్ లింకునే పంపడం మంచిది. లేదా ఫోటోని డాక్యుమెంట్‌గా పంపితే నాణ్యత తగ్గదు. అయితే కొన్ని యాప్‌లు కోడ్‌ని ఎప్పటికప్పుడు మారుస్తుంటాయి, వాటి పాత స్క్రీన్‌షాట్ చెల్లదు. అలాంటి యాప్‌లో కొంటే గేటు దగ్గర యాప్ తెరిచే చూపించాలి.

చదివి వద్దంటే

గేటు శబ్దం చేసి, ఎర్ర గుర్తు చూపి, తెర మీద ఏదో మాట వేసిందంటే అది కోడ్‌ని చదివిందన్నమాట. ఇక తెర తుడవడం, వెలుగు పెంచడం దండగ. ఆ మాట ఏమిటో చదవాలి. వీలైతే ఫోన్‌తో దాన్ని ఫోటో తీసుకుని కౌంటర్‌కి వెళ్లాలి.

ఇలా జరగడానికి ఎక్కువగా దారితీసే పరిస్థితి ఒకటి వివరంగా చూద్దాం. ఎల్బీ నగర్‌లో తల్లి, కూతురు, అమ్మమ్మ ఎక్కుతున్నారనుకుందాం. వెళ్లాల్సింది రాయదుర్గం. అంటే ఎర్ర లైనులో అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ దిగి, గేటు బయటికి రాకుండానే నీలం లైను ఎక్కాలి. కూతురు తన ఫోన్‌లో ముగ్గురికీ కలిపి కొంది. డబ్బు ఒకేసారి కట్టినా కోడ్‌లు మూడు వచ్చాయి, మనిషికొకటి. వేలితో పక్కకి జరిపితే ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి.

కూతురు మొదటి కోడ్ చూపించి అమ్మమ్మని పంపింది. రెండోది చూపించబోతుంటే తెర ఆరిపోయింది. మళ్లీ వెలిగించేసరికి పేజీ మొదటి కోడ్ దగ్గరికి వచ్చేసింది. ఆమె గమనించలేదు, దాన్నే చూపించింది. గేటు ఎర్ర గుర్తు వేసింది. ఆ కోడ్ లెక్కలో అప్పటికే లోపలికి వెళ్లింది మరి. స్కాన్ అవ్వట్లేదనుకుని ఆమె పక్క గేటుకి వెళ్లి రెండోదీ మూడోదీ చూపించబోయింది. ఈ హడావుడిలో రెండో కోడ్‌కి గేటు తెరుచుకున్నా, అమ్మ "నువ్వు ముందు పద" అంటూ ఆగిపోయింది. ఎవరూ దాటకముందే తలుపులు మూసుకున్నాయి. చివరికి మూడో కోడ్‌తో గేటు తెరుచుకోగానే తల్లీకూతుళ్లు ఒకరి వెనక ఒకరు దూరి లోపలికొచ్చారు.

ఇప్పుడు లెక్క చూస్తే మూడు కోడ్‌లూ "లోపలికి వెళ్లారు" అనే స్థితిలోనే ఉన్నాయి. ముగ్గురు మనుషులూ లోపలే ఉన్నారు. అదృష్టం బాగుండి రాయదుర్గంలో ముగ్గురూ ఇబ్బంది లేకుండా బయటపడతారు. కానీ ఆ రెండో కోడ్ గేటుకి చూపించకుండానే తల్లీకూతుళ్లు కలిసి దూరి ఉంటే? అప్పుడా టికెట్ ఇంకా "వాడలేదు" అనే ఉంటుంది. దిగేచోట దాన్ని చూపిస్తే, ఎక్కిన దాఖలా లేదు కాబట్టి గేటు తెరుచుకోదు. డబ్బు కట్టి, టికెట్ కొని కూడా టికెట్ లేనివాళ్లలా కౌంటర్ ముందు నిలబడాల్సి వస్తుంది.

దీన్నిబట్టి పాటించాల్సింది ఒకటే పద్ధతి. ఒక కోడ్, ఒక మనిషి, ఒకసారి తలుపు తెరుచుకోవడం. పెద్దవాళ్లనీ పిల్లలనీ ముందు పంపి, ఫోన్ ఉన్నవాళ్లు ఆఖరున దాటాలి. కోడ్ చూపించి తలుపు తెరుచుకున్నాక వెనక్కి తగ్గకూడదు. తగ్గి తలుపు మూసుకుపోతే అదే కోడ్ రెండోసారి పనిచేయదు. అప్పుడు వేరే గేట్ల చుట్టూ తిరక్కుండా అక్కడున్న సిబ్బందికి చెప్పాలి. కౌంటర్‌లో టికెట్ నంబర్ కొట్టి చూస్తే, ఎప్పుడు ఏ గేటులో చదివిందో వాళ్లకి కనిపిస్తుంది. ఎవరి తప్పూ లేదని అక్కడే తేలిపోతుంది.

కొన్నదానికన్నా ముందు స్టేషన్‌లో దిగిపోతే సాధారణంగా గేటు తెరుచుకుంటుంది, మిగిలిన చార్జీ తిరిగి రాదు. కొన్నదాన్ని దాటి ముందుకెళ్లి దిగితే తేడా చార్జీ కౌంటర్‌లో కట్టి బయటికి రావాలి. కొన్నప్పుడు ఎంచుకున్న స్టేషన్ కాకుండా వేరే స్టేషన్‌లో ఎక్కబోతే మాత్రం లోపలికే రానివ్వకపోవచ్చు. పేర్లు దగ్గరగా ఉన్నచోట ఇలా జరుగుతుంది. సికింద్రాబాద్ ఈస్ట్, సికింద్రాబాద్ వెస్ట్ వేర్వేరు లైన్ల మీద ఉన్న వేర్వేరు స్టేషన్లు. జాబితాలో మొదట కనిపించిన పేరు నొక్కేస్తే తప్పు గేటు ముందు నిలబడతాం.

డబ్బులు కట్ అయ్యాయి, టికెట్ రాలేదు

ఇది స్కాన్ చిక్కు కాదు గానీ గేటు దగ్గర జరిగే గొడవల్లో పెద్ద వాటా దీనిదే. యూపీఐలో డబ్బు మన ఖాతా నుంచి పోతుంది. అది అందిందన్న కబురు టికెట్ ఇచ్చే కంప్యూటర్‌కి సమయానికి చేరదు. కొనే లింకు గడువు చివరి క్షణాల్లో పిన్ కొట్టినప్పుడు, స్టేషన్ మెట్ల మీద నెట్ అందీ అందనప్పుడు ఇలా జరిగే అవకాశం ఎక్కువ.

వెంటనే ఇంకోసారి కట్టకూడదు. రెండు మూడు నిమిషాలు ఆగి, యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ పూర్తయిందా, పెండింగ్‌లో ఉందా, విఫలమైందా అని చూడాలి. చాలాసార్లు ఆలోపే టికెట్ వచ్చేస్తుంది. రాకపోతే ఆ లావాదేవీకి ఉండే 12 అంకెల రిఫరెన్స్ నంబర్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, ప్రయాణానికి కౌంటర్‌లో టికెట్ తీసుకోవాలి.

డబ్బు సంగతికి నియమం స్పష్టంగా ఉంది. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్ 20న ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, యూపీఐలో వ్యాపారికి కట్టిన డబ్బు ఖాతాలోంచి పోయి, అటువైపు నిర్ధారణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా తనంతట తానే వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. హైదరాబాద్ మెట్రోలో 2025 మేలో సవరించాక చార్జీ కనిష్ఠంగా 11 రూపాయలు, గరిష్ఠంగా 69 రూపాయలు. చిన్న మొత్తమే కదా అని చాలామంది వదిలేస్తారు. ముగ్గురికి కలిపి కొంటే అది రెండు వందలు దాటవచ్చు. వదలొద్దు. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ కిందే ఫిర్యాదు చేసే బటన్ ఉంటుంది, అక్కడే నమోదు చేయాలి.

ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికి ఫోన్ చేయడం మాత్రం ప్రమాదం. రీఫండ్ ఇస్తామంటూ పిన్ కొట్టించుకుని ఖాతా ఖాళీ చేసే మోసగాళ్లు అలాంటి నకిలీ నంబర్లే పెట్టి కాచుకుని ఉంటారు. డబ్బు తిరిగి రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. నంబర్ కావాలంటే స్టేషన్‌లో ఉన్న బోర్డు మీదిదో, యాప్ లోపల ఉన్నదో చూసుకోవాలి.

ఇటు మనం, అటు సంస్థ

ప్రయాణికుడి వైపు నుంచి చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ప్రయాణం చేసే రోజునే కొనాలి. కొనగానే స్టేషన్ పేర్లు, చెల్లే సమయం చూసుకోవాలి. గేటుకి ముందే కోడ్ తెరిచి, వెలుగు పెంచి, వరసలోకి రావాలి. దిగేదాకా కోడ్ చెరపకూడదు.

మెట్రోని నడిపే సంస్థ వైపు నుంచి కూడా కొన్ని జరగాలి. క్యూఆర్ పైనే పెద్ద అక్షరాల్లో, తెలుగులో, ఏ రోజు ఎన్ని గంటల వరకు చెల్లుతుందో రాయాలి. కొనే లింకుకీ టికెట్ లింకుకీ తేడా ఒక్క చూపులో తెలిసేలా మెసేజ్ మార్చాలి. కొన్నవి మూడు టికెట్లయితే కోడ్ మీద "మూడింట్లో మొదటిది", "మూడింట్లో రెండోది" అని కనిపించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, గేటు వద్దన్నప్పుడు ఎందుకు వద్దందో తెలుగులో తెర మీద చూపించాలి. చదువు తక్కువైనవాళ్లు, పెద్దవయసువాళ్లు తప్పు తమదేననుకుని గేటు దగ్గర నుంచి తలవంచుకుని వెనక్కి వెళ్లకూడదు. డబ్బు కట్టి కొన్న టికెట్ ఎందుకు చెల్లలేదో తెలుసుకోవడం ప్రయాణికుడి హక్కు. గేటు ఆ కారణం చెప్పనప్పుడు కౌంటర్‌కి వెళ్లి అడగండి. ఇంకో టికెట్ కొనాలో వద్దో ఆ తర్వాతే తేల్చుకోండి.